ఎం1 అనుకున్నది ఎం2 అయింది: ఒక మేజర్ కాలువలో నీటి మట్టం కొలిచిన డైరీ

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో మా ఊరి మీదుగా పోయే ఒక మేజర్ మీద చేసిన పని ఇది. తల తూము నుంచి డ్రాప్ ఉన్న క్రాస్ రెగ్యులేటర్ దాకా 1600 మీటర్లు. రెగ్యులేటర్ నుంచి 600 మీటర్లు ఎగువన ఒక పొలం తూము ఉంది. దానికి నీళ్లు ఎక్కాలంటే రెగ్యులేటర్లో చెక్క పలకలు ఎన్ని వెయ్యాలన్నదే నా ప్రశ్న. పలకలు వేస్తే వెనక నీరు ఎంత దూరం, ఎంత ఎత్తున నిలుస్తుందో తెలియాలి. అందుకు ముందు ఆ నీటి వంపు ఏ రకమో తెలియాలి.

కాలువ కొలతలు: అడుగు వెడల్పు 2 మీ., పక్క వాలు 1:1, సిమెంటు లైనింగు, లైనింగు ఎత్తు 1.20 మీ., అడుగు వాలు 2500కి 1. ఈ వాలును కాలువ బంద్ ఉన్న రోజుల్లో లెవెల్ పెట్టి చూశాను. 1000 మీటర్లకు 0.40 మీ. వచ్చింది, సరిపోయింది.

దశ 1: ప్రవాహం, రెండు గీతలు

వంపుకు పేరు పెట్టాలంటే రెండు లోతులు కావాలి. ఒకటి నార్మల్ లోతు, అంటే ఏ అడ్డూ లేకపోతే ఆ వాలు మీద ఆ ప్రవాహం నిలకడగా పారే లోతు. రెండోది క్రిటికల్ లోతు, అంటే ఆ ప్రవాహానికి శక్తి కనిష్ఠంగా ఉండే లోతు. నార్మల్ క్రిటికల్ కంటే ఎక్కువైతే వాలు మైల్డ్. అప్పుడు నీరు రెండింటికీ పైన ఉంటే ఎం1, మధ్యలో ఉంటే ఎం2, క్రిటికల్ కంటే కింద ఉంటే ఎం3.

రెండింటికీ ముందు ప్రవాహం తెలియాలి. తొలి తప్పు అక్కడే జరిగింది.

1. 30 మీటర్ల దూరం గుర్తు పెట్టి, కొబ్బరి డొక్క వదిలాను. ఐదుసార్ల సగటు 49 సెకన్లు, అంటే సెకనుకు 0.61 మీ.
2. అక్కడి నీటి అడ్డకోత 2.92 చ.మీ. గుణిస్తే 1.79 ఘనపు మీటర్లు వచ్చింది. అదే రాసుకున్నాను.
3. తర్వాత కల్వర్టు లోపల, నాచు లేని చోట, అరువు తెచ్చిన కరెంట్ మీటర్‌తో మూడు నిలువుల్లో, లోతులో 0.2, 0.8 వంతుల దగ్గర కొలిచాను. 1.50 వచ్చింది.

తేడాకు కారణం మొదటి లెక్కలోనే ఉంది. డొక్క పోయేది నీటి పై పొర వేగంతో. సగటు వేగం కావాలంటే దాన్ని సుమారు 0.85తో గుణించాలి. నేను గుణించలేదు. గుణిస్తే 1.52, కరెంట్ మీటరుకు దగ్గరే. ఇకనుంచి లెక్కంతా 1.50తోనే, అంటే 53 క్యూసెక్కులు.

క్రిటికల్ లోతు 0.36 మీ. వచ్చింది. దీనికి గరుకుతనంతో పని లేదు, ప్రవాహం, కాలువ ఆకారం చాలు. నార్మల్ లోతుకు మాత్రం ఆ గరుకుతనాన్ని చెప్పే అంకె, మ్యానింగ్ ఎన్, కావాలి. లైనింగు కాలువ కదా అని పాత అంచనా పత్రంలో ఉన్న 0.018 వేశాను. 0.77 మీ. వచ్చింది. 0.77 అనేది 0.36 కంటే ఎక్కువ కాబట్టి వాలు మైల్డ్, అందులో సందేహం లేదు.

లెక్క ఇప్పటికి: 3 రోజులు, 14 రీడింగులు, ఖర్చు రూ. 650 (పెయింటు, ఇనప పలక, ఆటో).

దశ 2: ఎం1 అని రాసి, కొట్టేశాను

రెగ్యులేటర్లో పలకలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. దాని ముందు లోతు 0.90 మీ. నా నార్మల్ లోతు 0.77. నీరు రెండు గీతలకూ పైన ఉంది, అందుకని ఎం1 అని రాశాను. ఎం1 అయితే ఎగువకు పోయే కొద్దీ లోతు తగ్గుతూ 0.77ని చేరాలి. చిన్న ప్రోగ్రాం రాసి దూరాలు లెక్కించాను:

```python
def step(y1, y2, Q, b, z, n, S0):
    def ES(y):
        A = (b + z*y)*y
        P = b + 2*y*(1 + z*z)**0.5
        V = Q/A
        return y + V*V/19.62, (n*V)**2/(A/P)**(4/3)
    E1, F1 = ES(y1)
    E2, F2 = ES(y2)
    return (E2 - E1)/(S0 - (F1 + F2)/2)

print(step(0.90, 0.86, 1.5, 2, 1, 0.018, 0.0004))
```

జవాబు సుమారు -243. మైనస్ అంటే ఎగువకు. లోతు 0.90 నుంచి 0.86కి దిగడానికి 243 మీటర్లు పడుతుందన్నమాట. అలా ఒక్కో మెట్టూ కలుపుకుంటూ పోతే 581 మీటర్ల దగ్గర 0.82, సుమారు 1000 మీటర్ల దగ్గర 0.79 రావాలి.

కర్ర పట్టుకుని ఎగువకు నడిచాను. 200 మీటర్ల దగ్గర 0.97, 600 దగ్గర 1.05, 1000 దగ్గర 1.03. తగ్గాల్సింది పెరిగింది, అదీ ఎగుడుదిగుడుగా. ముందు కర్రనే అనుమానించాను. అడుగున మెత్తటి ఒండ్రు ఉంది. కర్ర మొన ఒకచోట రెండు వేళ్ల లోతు, ఇంకోచోట బెత్తెడు దిగిపోతోంది. ఈ వంపులో కిలోమీటరుకు మొత్తం తేడా పది పన్నెండు సెంటీమీటర్లే. ఐదు సెంటీమీటర్ల తప్పు ఉన్న కర్రతో దాన్ని పట్టుకోలేం.

రెండు మార్పులు చేశాను.

1. కర్ర కింద అరచేయంత ఇనప పలక బిగించాను. దిగడం ఆగింది.
2. లోతును నమ్మడం మాని, నీటి పైమట్టాన్నే లెవెల్‌తో తీశాను. ఒండ్రు ఎంత ఉన్నా పైమట్టం అబద్ధం చెప్పదు. నీటి అంచున మేకు కొట్టి, దాని తల సరిగ్గా నీటికి తగిలేలా చేసి, ఆ తల మీద స్టాఫ్ నిలబెట్టాం.

తొలిసారి బయలుదేరిన చోటికే తిరిగొచ్చి చూస్తే లెవెల్ 41 మిల్లీమీటర్ల తేడాతో మూసుకుంది. గట్టు మెత్తగా ఉన్నచోట ట్రైపాడ్ కుంగింది. ఆ రోజు రీడింగులన్నీ పారేశాను. రెండో రోజు కల్వర్టుల మీదా, రాళ్ల మీదా మాత్రమే పెట్టాం. 9 మిల్లీమీటర్లకు మూసుకుంది.

రెగ్యులేటర్ నుంచి 600 మీటర్లకు అడుగు 0.24 మీ. ఎక్కుతుంది. ఎం1 అయితే నీటి పైమట్టం అడుగు కంటే చదునుగా ఉంటుంది, అందుకని నా లెక్కలో పైమట్టం 0.16 మీటర్లే ఎక్కాలి. కొలిస్తే 0.31 ఎక్కింది. 1000 మీటర్లకు లెక్క 0.29 అంటే కొలత 0.49 అంది. నీటి వాలు అడుగు వాలు కంటే నిటారుగా ఉంది. దిగువకు పోయే కొద్దీ లోతు తగ్గుతోంది. అది ఎం2 లక్షణం, ఎం1లో ఎక్కడా జరగదు.

ఇక్కడ రెండు రోజులు ఆగాను. మైల్డ్ వాలు మీద ప్రతి మండలంలోనూ లోతు ఒక్క దిక్కుకే మారుతుంది. ఎం1లో దిగువకు పెరుగుతుంది, ఎం2లో తగ్గుతుంది, ఎం3లో పెరుగుతుంది. కొలిచిన దిక్కూ, పెట్టిన పేరూ కలవకపోతే నీటిది తప్పు కాదు, గీతది తప్పు. క్రిటికల్ గీత 0.36 దగ్గర ఎక్కడో కింద ఉంది, అది ఇందులోకి రాదు. తప్పు నార్మల్ గీతది. ప్రవాహాన్ని కొలిచాను, వాలును కొలిచాను. కొలవనిది ఒక్కటే, ఆ 0.018.

లెక్క ఇప్పటికి: 8 రోజులు, 76 రీడింగులు (34 పారేసినవి), ఖర్చు రూ. 3,050 (లెవెల్ అద్దె రెండు రోజులు కలిపి).

దశ 3: ఎన్‌ను నీటినే అడగడం

కాలువలోకి దిగి చూశాను. లైనింగు పలకల జాయింట్ల నుంచి జమ్ము లేచింది. అడుగున నాచు నీటి వాలుకు జడల్లా పడుకుని ఉంది. పైనుంచి చూస్తే నీరు తేటగానే కనిపిస్తుంది. చెయ్యి పెట్టి ఆ జడను పైకి లాగితే మోచేతి పొడుగు వచ్చింది. ఇది 0.018 కాలువ కాదు.

వేర్వేరు ఎన్ వేసి చూశాను. ఈ పట్టికే మొత్తం పనిలో నాకు ఎక్కువ నేర్పింది:

- ఎన్ 0.018: నార్మల్ లోతు 0.77 మీ. 0.90 దానికి పైన, ఎం1.
- ఎన్ 0.020: నార్మల్ లోతు 0.81. ఇంకా ఎం1.
- ఎన్ 0.024: నార్మల్ లోతు 0.90. వంపే ఉండదు, నీరు అడుగుకు సమాంతరం.
- ఎన్ 0.030: నార్మల్ లోతు 1.02. 0.90 దాని కింద, ఎం2.

అదే ప్రవాహం, అవే పలకలు, రెగ్యులేటర్ ముందు అదే 0.90. ఎన్ 0.024 దాటగానే పేరు మారిపోతుంది. రెగ్యులేటర్ దగ్గర ఒక్కచోట నిలబడి లోతు చూసి ఏ వంపో చెప్పడం కుదరదు. పలకలు ఉన్నాయి కదా, నీరు ఎక్కదీసినట్టే అనుకున్నాను. నాచు వల్ల ఎగువ నీరు అప్పటికే అంతకంటే ఎత్తుకు ఎక్కి ఉంది, పలకలు దాన్ని అందుకోనే లేదు.

0.030తో 0.90 నుంచి ఎగువకు నడిపితే:

1. 0.94 చేరడానికి 215 మీ.
2. 0.98 చేరడానికి మొత్తం 622 మీ.
3. 1.00 చేరడానికి మొత్తం 1096 మీ.

పలక బిగించిన కర్రతో మళ్లీ కొలిచిన లోతులు: 200 మీటర్ల దగ్గర 0.94, 600 దగ్గర 0.98, 1000 దగ్గర 1.00. లెవెల్ పైమట్టాలూ 7 మిల్లీమీటర్ల లోపే కలిశాయి. 0.027, 0.033 కూడా వేసి చూశాను, కలవలేదు.

చేసేవాళ్లకు ఒక చిట్కా. ప్రోగ్రాంలో 0.018 ఉంచి, 0.90 నుంచి 0.94కి నడపండి. జవాబు ప్లస్ వస్తుంది, అంటే ఆ లోతు దిగువన ఉందంటుంది. ఎగువకు వెళ్తున్నామనుకుంటే ప్లస్ రావడమే హెచ్చరిక. నేను తొలిరోజే ఈ గుర్తును చూసి ఉంటే లెవెల్ అద్దె ఒక రోజు మిగిలేది.

లెక్క ఇప్పటికి: 11 రోజులు, 98 రీడింగులు, ఖర్చు రూ. 3,050.

దశ 4: పలకలన్నీ తీసి చూడటం

ఎం2 పూర్తి ఆకారం చూడాలంటే డ్రాప్ మీద నీరు స్వేచ్ఛగా దూకాలి. లష్కర్‌ను అడిగాను, “అన్నా, ఒక్క పూట పలకలు తీద్దామా?” అని. “తీద్దాం గని సారూ, పొద్దుగూకకముందే మల్ల ఎయ్యాలె. లేకుంటే పై తూముల రైతులు నా మీదికొస్తరు” అన్నాడు. పొద్దున ఏడింటికి తీశాం. గేజీ రెండు వరస రీడింగుల్లో మారకుండా ఉండటానికి రెండున్నర గంటలు పట్టింది. అంతకు ముందు తీసిన ఏ కొలతా ఈ లెక్కకు పనికిరాదు, ఎందుకంటే కాలువలో నిలవున్న నీరు ఇంకా దిగుతూనే ఉంటుంది.

ఇక్కడ వరసగా రెండు తప్పులు చేశాను.

మొదటిది: సరిగ్గా దూకే అంచు మీద లోతు కొలిచి, 0.28 మీ. అని, అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టాను. దూరాలు ముందు ప్లస్, తర్వాత మైనస్ వచ్చాయి. అంచు మీద నీరు వంగి పడుతుంది, లోపల పీడనం లోతుకు తగ్గట్టు ఉండదు. మెల్లగా మారే ప్రవాహం సూత్రం అక్కడ చెల్లదు. అంచు లోతు ఎప్పుడూ క్రిటికల్ కంటే తక్కువే. అడ్డకోత దీర్ఘచతురస్రమైతే దానిలో సుమారు 0.7 వంతు ఉంటుంది.

రెండోది: సరే, క్రిటికల్ లోతు 0.36 నుంచే మొదలుపెడదాం అనుకున్నాను. అయినా కొన్ని మీటర్ల ఎగువన కొలిచిన 0.52తో కలవలేదు. ఒక పూటంతా ఎన్‌నే అటూ ఇటూ మార్చాను, వృథా. చివరికి రెగ్యులేటర్ గోడల మధ్య టేపు పెడితే తెలిసింది. కాలువ వాలు పక్కలది, రెగ్యులేటర్ గొంతు నిలువు గోడలది, వెడల్పు 2 మీటర్లే. క్రిటికల్ లోతు ఏర్పడేది ఆ గొంతులో.

1. గొంతులో మీటరు వెడల్పుకు 0.75 ఘనపు మీటర్లు పారుతుంది. క్రిటికల్ లోతు 0.386 మీ. దానికి 0.7 వంతు 0.27, నేను అంచు మీద కొలిచింది 0.28.
2. అక్కడి శక్తి ఎత్తు ఒకటిన్నర రెట్లు, 0.578 మీ.
3. కాలువ అడ్డకోతలో అదే శక్తి రావాలంటే లోతు 0.51. కొలిచింది 0.52.

0.51 నుంచి, ఎన్ 0.030తో లెక్క: 21 మీటర్లలో 0.60, 71 మీటర్లలో 0.70, 179 మీటర్లలో 0.80, 422 మీటర్లలో 0.90. డ్రాప్ దగ్గర నిటారుగా పడి, ఎగువకు పోను పోను చదునవుతుంది. మొత్తం తగ్గుదలలో సగం తొలి 135 మీటర్లలోనే. అందుకని కొలత మేకులు సమాన దూరంలో కొట్టకూడదు. డ్రాప్ దగ్గర 10 మీటర్లకు ఒకటి, ఆపైన 200కు ఒకటి చాలు. నేను అన్నీ 100 మీటర్లకు కొట్టడంతో అసలు వంపు ఉన్నచోట ఒకే ఒక్క మేకు పడింది. మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

తల తూము దగ్గర ఎం3 దొరుకుతుందేమో అని కూడా చూశాను. గేటు కింద నుంచి నీరు 0.20 మీ. పలుచగా దూకినా, జంప్ తర్వాత, అంటే ఒక్కసారిగా ఎగిసి లోతెక్కాక, అది చేరగల లోతు 0.59 మాత్రమే. అక్కడ కాలువ లోతు ఒక మీటరు. నాచు లేకపోయినా 0.77. వెనక నీరు ఎక్కువ కాబట్టి జంప్ గేటు మీదికే వచ్చి మునిగిపోతుంది. గేటు ముందు సుళ్లు తప్ప ఎం3 కనిపించదు. ఈ కాలువలో దాని కోసం వెతకడం మానేశాను.

లెక్క ఇప్పటికి: 13 రోజులు, 139 రీడింగులు, ఖర్చు రూ. 4,250.

దశ 5: నాచు తీశాక

బంద్ రోజుల్లో రైతులు కలిసి రెగ్యులేటర్ నుంచి 1100 మీటర్ల దాకా జమ్ము, నాచు తీశారు. మళ్లీ నీళ్లు వదిలాక కరెంట్ మీటర్ 1.48 చూపింది, పాతదానికి దగ్గరే. పలకలు పాత లెక్కే. రెగ్యులేటర్ ముందు మళ్లీ 0.90.

మూడో రోజు 600 మీటర్ల తూము రైతు వచ్చాడు. “కాల్వ సాఫ్ జేసినం గదా సారూ, మా తూముకు నీళ్లు తగ్గినయేంది?” అని అడిగాడు. వెళ్లి కొలిస్తే అక్కడ లోతు 0.85. ముందు 0.98 ఉండేది. 13 సెంటీమీటర్లు పడిపోయింది. 1000 దగ్గర 0.83. ఎగువకు లోతు తగ్గుతోంది, నీటి వాలు అడుగు కంటే చదునుగా ఉంది. ఇప్పుడు ఇది నిజంగా ఎం1. ఎన్ 0.020తో లెక్క 600 దగ్గర 0.847, 932 మీటర్ల దగ్గర 0.83 ఇస్తోంది.

అతని తూము ఇన్నాళ్లూ నాచు ఎత్తిన నీటితో బతికింది. నాచు పోయాక ఆ పని పలకలు చెయ్యాలి. ఒక పలక ఎత్తు 12 సెం.మీ.

1. ఒక పలక వేస్తే రెగ్యులేటర్ ముందు 1.02. 600 దగ్గర లెక్క 0.91. పన్నెండు ఎత్తితే అక్కడికి చేరేది ఆరే.
2. పాత 0.98 రావాలంటే రెగ్యులేటర్ ముందు 1.12 కావాలి, అంటే రెండు పలకలు.
3. రెండు పలకలతో నీరు 1.14కి పోతుంది. లైనింగు 1.20. ఆరు సెంటీమీటర్ల అంచు చాలదు, పైన ఒక తూము మూసినా గట్టు పొర్లుతుంది.

ఒక పలకే వేశాం. 600 దగ్గర 0.91 వచ్చింది, లెక్క ప్రకారమే. మిగతా 7 సెంటీమీటర్లు పలకలతో రావు. తూము గొట్టాన్నే ఒక బెత్తెడు కిందికి దించాలి. వచ్చే బంద్‌లో ఆ పని. ఇప్పుడున్న మట్టం, దించాల్సిన మట్టం రెండూ కల్వర్టు గోడ మీద ఎర్ర పెయింటుతో గీసి వచ్చాను.

లెక్క ఇప్పటికి: 17 రోజులు, 171 రీడింగులు, ఖర్చు రూ. 5,050. పెయింటు డబ్బాలో ఇంకా సగం ఉంది.